ఈ ఏడాది జమల మొత్తం ఎలా కూడాం, ఎలా సరిచూశాం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదోనిలో మా పొదుపు, పరపతి సంఘం మహాజన సభలో కార్యదర్శిగా నేను ఏడాది జమల లెక్క చదివి వినిపించాను. సభలో మైకు దగ్గర అడిగినవీ, తర్వాత ఆఫీసుకు వచ్చి అడిగినవీ కలిపి, ఆ రోజు చెప్పిన జవాబులను ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. లెక్క గత ఏప్రిల్ 1 నుంచి ఈ మార్చి 31 వరకు.

సభలో మీరు 20,35,850 రూపాయలు అన్నారు. మన దగ్గర 73 లక్షలకు పైగా ఉందని కూడా అన్నారు. ఇందులో ఏది నిజం?

రెండూ నిజమే. 20,35,850 అనేది ఈ పన్నెండు నెలల్లో సభ్యులు కొత్తగా కట్టిన డబ్బు. 73 లక్షల చిల్లర అనేది మార్చి 31 సాయంత్రానికి సంఘం సభ్యులందరికీ కలిపి బాకీ ఉన్న పొదుపు నిల్వ. మొదటిది ఏడాదిలో జరిగిన వసూలు. రెండోది ఏళ్ల తరబడి పోగైనదానిలో తీసుకున్నవి పోను మిగిలింది.

ఈ రెండింటినీ కలిపే లెక్క ఇది:

| వివరం | రూపాయలు |
|---|---|
| ఏప్రిల్ 1 నాటి ప్రారంభ నిల్వ | 61,20,400 |
| ఏడాదిలో సభ్యులు కట్టింది | 20,35,850 |
| సంఘం వేసిన వడ్డీ | 3,84,210 |
| సభ్యులు వాపసు తీసుకున్నది | 11,47,600 |
| మార్చి 31 నాటి ముగింపు నిల్వ | 73,92,860 |

మొదటి మూడూ కూడి, వాపసు తీసేస్తే చివరి అంకె వస్తుంది. ఎవరైనా మీకు ముగింపు నిల్వ ఒక్కటే చూపించి లెక్క బాగుందంటే నమ్మకండి. పై నాలుగు వరుసలు కూడా అడగండి. ప్రారంభ నిల్వ పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టులోని ముగింపు నిల్వతో పైసా తేడా లేకుండా కలవాలి. మేము పని మొదలుపెట్టింది అక్కడి నుంచే.

20,35,850లో ఏమేం కలపలేదు?

వాటా ధనం, ప్రవేశ రుసుము, అప్పు కంతులు, అప్పు మీద వడ్డీ, జరిమానాలు ఏవీ కలపలేదు. అవన్నీ అదే కౌంటర్లో, అదే రసీదు మీద వస్తాయి కాబట్టి పొరపాటున కలిసిపోయే వీలుంది. అందుకే మన రసీదులో వేటికవి వేరే గళ్లు ఉన్నాయి.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. కొందరు తమ ఐచ్ఛిక పొదుపు నుంచి కొంత తీసి తప్పనిసరి పొదుపు బకాయికి జమ చేయమంటారు. పుస్తకంలో ఒకవైపు వాపసు, ఇంకోవైపు జమ పడతాయి కానీ బయటి నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. దాన్ని కొత్త జమగా లెక్కేస్తే ఏడాది వసూలు ఊరికే ఉబ్బిపోతుంది. ఇలాంటివన్నీ విడిగా తీసి రెండు వైపుల నుంచీ తగ్గించాం.

కూడింది ఎవరు?

గుమాస్తా చిట్టా నుంచి కూడారు. చిట్టా అంటే ఏ రోజుకారోజు వచ్చిన డబ్బును వరసగా రాసే పుస్తకం. అందులో రోజు మొత్తాలు కలిపితే నెల మొత్తం, నెలలు కలిపితే ఏడాది మొత్తం వస్తాయి.

పోయిన మహాజన సభ ఎన్నుకున్న ముగ్గురు సభ్యుల తనిఖీ సంఘం ఆవర్జా నుంచి కూడింది. ఆవర్జాలో ఒక్కో సభ్యుడికి ఒక్కో పేజీ ఉంటుంది. ప్రతి పేజీలో ఆ ఏడాది కట్టినవి కూడి, పెద్ద కాగితం మీద సభ్యుల పేర్లు నిలువుగా, నెలలు అడ్డంగా వేసి నింపారు. ఆ ముగ్గురూ పాలకవర్గంలో లేరు, కౌంటర్లో డబ్బు తీసుకునే పనిలోనూ లేరు. గుమాస్తా తేల్చిన మొత్తం వాళ్లకు ముందుగా చెప్పలేదు. రావాల్సిన అంకె తెలిస్తే మనిషికి తెలియకుండానే చెయ్యి అటే పోతుంది. తెలియనప్పుడే కూడిక నిజాయతీగా ఉంటుంది.

ఆ పెద్ద కాగితంలో 220 వరుసలు ఉన్నాయి. ఇప్పుడు మన సభ్యులు 216 మందే కదా అని సభలో ఒక అక్క అడిగారు. మంచి ప్రశ్న. ఏడాది మొదట్లో 212 మంది ఉన్నారు. అక్టోబరులో 8 మంది చేరారు, డిసెంబరు చివర 4గురు ఖాతా మూసుకుని వెళ్లారు. వెళ్లినవాళ్లు కూడా తొమ్మిది నెలలు కట్టారు, అది ఈ ఏడాది వసూలే. ఈనాటి సభ్యుల జాబితా పట్టుకుని కూడితే వాళ్ల తప్పనిసరి పొదుపే 18,000 జారిపోయేది. మూసిన ఖాతాల పేజీలు కూడా కూడికలో ఉండాల్సింది ఇందుకే.

ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కూడితే చాలదా?

చాలదు. అలా చేస్తే కూడికలో పొరపాటు మాత్రమే దొరుకుతుంది, రాతలో పొరపాటు దొరకదు. చిట్టాలో 800 బదులు 300 రాసి ఉంటే, పదిసార్లు కూడినా అదే తప్పు మొత్తం పదిసార్లు వస్తుంది. చిట్టా, ఆవర్జా రెండూ వేరువేరుగా రాసినవి కాబట్టి ఒకదాని తప్పును రెండోది బయటపెట్టగలదు.

పెద్ద కాగితం వల్ల ఇంకో లాభం ఉంది. సభ్యుల మొత్తాలను నిలువుగా కూడినా, నెలల మొత్తాలను అడ్డంగా కూడినా మూలన ఒకే అంకె రావాలి. అది వచ్చాక ఒక్కో నెల మొత్తాన్నీ చిట్టాలోని అదే నెలతో పక్కపక్కన పెట్టి చూస్తాం. తేడా ఉంటే ఏడాదంతా వెతకకుండా ఏ నెలలో ఉందో ముందే తెలిసిపోతుంది.

మొదట 3,600 రూపాయల తేడా వచ్చిందని విన్నాం. అది ఎలా తేలింది?

అవును, వచ్చింది. చిట్టా ప్రకారం 20,35,850. ఆవర్జా ప్రకారం 20,32,250. నెలలవారీగా పెట్టి చూస్తే పదకొండు నెలలు సరిపోయాయి. నవంబరు ఒక్కటి కలవలేదు. చిట్టాలో 2,31,400 ఉంటే ఆవర్జాలో 2,27,800 ఉంది.

నవంబరు అంటే మనకు పత్తి సీజన్. మార్కెట్ యార్డులో పని దండిగా ఉంటుంది, హమాలీలు, జిన్నింగు మిల్లుల్లో పని చేసేవాళ్లు చేతిలో డబ్బు ఉన్నప్పుడే ఐచ్ఛిక పొదుపులో వేస్తారు. కాబట్టి ఆ నెలలో రసీదులు ఎక్కువ. అన్నీ ఒక్కొక్కటే టిక్కు పెడుతూ పోవచ్చు, కానీ తనిఖీ సంఘంలో పాత లెక్కల మాస్టారు ఒకరు ఉన్నారు. ఆయన ముందు 3,600ను తొమ్మిదితో భాగించారు. శేషం లేకుండా 400 వచ్చింది.

పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడాను ఎప్పుడూ తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తుంది. 72ను 27 అని రాస్తే తేడా 45, అంటే తొమ్మిది ఐదులు. భాగిస్తే వచ్చిన అంకె ఇంకా చాలా చెబుతుంది. 400లోని రెండు సున్నాలను బట్టి తారుమారు జరిగింది వేల స్థానానికీ, వందల స్థానానికీ మధ్య అని తెలుస్తుంది. అందులోని 4ను బట్టి ఆ రెండు అంకెల మధ్య వ్యత్యాసం 4 అని తెలుస్తుంది. చిట్టాలో ఎక్కువ ఉంది కాబట్టి చిట్టా రాతలో వేల అంకె పెద్దది అయ్యుండాలి. అంటే 5,100, 6,200, 7,300 లాంటి మొత్తాలను మాత్రమే వెతికితే చాలు.

నవంబరు చిట్టాలో అలాంటివి కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి యార్డు హమాలీ ఒకాయన కట్టిన 5,100. ఆవర్జాలో ఆయన పేజీ తీస్తే 1,500 అని ఉంది.

అయితే రెండింటిలో ఏది సరైనదో చిట్టా, ఆవర్జా చెప్పలేవు. దానికి రసీదు పుస్తకం తెరిచాం. కార్బన్ నకలు మీద అంకెలు కొంచెం అలికినట్టున్నా, కింద అక్షరాల్లో "ఐదు వేల ఒక వంద రూపాయలు మాత్రమే" అని స్పష్టంగా ఉంది. అక్షరాల్లో రాయించేది ఇలాంటి సమయానికే. సభ్యుడి పాస్‌బుక్ తెప్పించి చూస్తే అందులోనూ 5,100 ఉంది. అప్పుడే ఆవర్జా దిద్దాం. పాత అంకె కనిపించేలా దాని మీద ఒకే గీత కొట్టి, పైన ఎర్ర సిరాతో సరైనది రాసి, పక్కన అధ్యక్షులూ నేనూ సంతకాలు చేశాం. తెల్ల ఇంకు పూయడం, రుద్దేయడం మన పుస్తకాల్లో ఉండకూడదు.

ఆ తేడా దొరక్కపోయి ఉంటే ఆయన ఖాతాలో 3,600 తగ్గడమే కాదు, డిసెంబరు నుంచి మార్చి వరకు నాలుగు నెలల వడ్డీ కూడా పోయేది. ఏడాదికి నూటికి ఆరు చొప్పున అది 72 రూపాయలు. అందుకే జమల మొత్తం సరిపోయాకే వడ్డీ వేయడం మొదలుపెట్టాం. వరస తిరగబడితే ఒక తప్పు దిద్దడానికి రెండు చోట్ల దిద్దాల్సి వస్తుంది.

తేడాను తొమ్మిది భాగిస్తే తప్పకుండా అంకెలు తారుమారైనట్టేనా?

కాదు. అది ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు, రుజువు కాదు. సున్నా జారినా ఇలాగే వస్తుంది. 5,000ను 500గా రాస్తే తేడా 4,500, దాన్నీ తొమ్మిది భాగిస్తుంది. పైగా ఏ కారణం లేకుండా వచ్చిన అంకెల్లో కూడా తొమ్మిదింటిలో ఒకటి తొమ్మిదితో భాగించబడుతుంది. రెండు మూడు తప్పులు కలిసిపోయి ఉంటే ఈ గుర్తు అసలు పనిచేయదు. అందుకే ముందు నెలవారీగా విడగొట్టుకుని, తేడా ఒకే నెలలో ఉందని తేలాకే దీన్ని వాడాలి.

ముగింపు నిల్వ సరిచూసేటప్పుడు ఇంకో గుర్తు పనికొస్తుంది. తేడాలో సగం తీసి, ఆ మొత్తం వాపసుల్లో ఉందేమో చూడాలి. 1,000 వాపసును జమ వైపు రాస్తే తేడా 2,000 వస్తుంది.

పది, ఇరవై రూపాయల తేడా అయితే సర్దేయవచ్చు కదా? దానికోసం ఇంత పనా?

సర్దకూడదు. ఈ మాట సభలో కూడా గట్టిగానే చెప్పాను. పది రూపాయల తేడా వెనుక పది రూపాయల తప్పే ఉందని ఎవరూ చెప్పలేరు. ఒక చోట 4,010 తక్కువ, మరో చోట 4,000 ఎక్కువ పడినా పైకి కనిపించేది పదే. అంటే ఇద్దరి ఖాతాలు నాలుగేసి వేలు తప్పుగా ఉండి, కాగితం మీద టీ ఖర్చంత తేడా కనిపిస్తుంది. తేడా ఎంత అన్నది ముఖ్యం కాదు, ఎందుకు వచ్చిందన్నదే ముఖ్యం. కారణం దొరికేదాకా మొత్తం తేలలేదనే రాసుకోవాలి.

డబ్బు తీసుకుని, రసీదు ఇచ్చి, అసలు ఏ పుస్తకంలోనూ రాయకపోతే?

అప్పుడు చిట్టా, ఆవర్జా రెండూ చక్కగా కలుస్తాయి. రెండింటిలోనూ లేనిది తేడాగా ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు అసలు విషయం పట్టుకున్నాడు. దీనికి జవాబు రసీదు నంబర్లలో ఉంది.

ఈ ఏడాది వాడిన రసీదులు 4,301 నుంచి 6,712 వరకు. మొత్తం 2,412. చివరి నంబరులో మొదటిది తీసేసి ఒకటి కలపాలి, ఆ ఒకటి మరిచిపోతే ఒక రసీదు లెక్కలోకి రాకుండా పోతుంది. వీటిలో 14 రద్దయ్యాయి. రద్దయిన ప్రతిదానికీ అసలు కాగితం, నకలు రెండూ పుస్తకంలోనే అంటించి ఉండాలి. అసలు కాగితం లేకుండా రద్దు అని రాస్తే ఒప్పుకోకూడదు, ఎందుకంటే అది డబ్బు కట్టిన సభ్యుడి జేబులో ఉండొచ్చు. మన 14కూ అసళ్లు ఉన్నాయి.

మిగిలిన 2,398 రసీదులను నంబరు వరసలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు చిట్టాలో టిక్కు పెట్టారు. చదివేటప్పుడు నంబరు, తేదీ, మొత్తం మూడూ చదవాలి. తేదీ ఎందుకంటే, ఈ రోజు తీసుకున్న డబ్బును నాలుగు రోజులు వాడుకుని తర్వాత చిట్టాలో ఎక్కించే అలవాటు ఎక్కడైనా ఉంటే రసీదు తేదీకీ, చిట్టా తేదీకీ మధ్య ఎడం కనిపిస్తుంది. మొత్తం సరిపోయినా ఆ ఎడం ఉంటే అది ప్రమాద సూచన. ప్రెస్సు నుంచి వచ్చిన కొత్త రసీదు పుస్తకాలు ఎన్ని, బీరువాలో వాడనివి ఎన్ని అన్నది కూడా లెక్కించాం. లెక్కలో లేని పుస్తకం ఒకటి బయట తిరుగుతుంటే నంబర్ల వరస చూసి లాభం లేదు.

మీరు చేయాల్సింది ఒక్కటే. డబ్బు ఇచ్చాక అచ్చు నంబరున్న రసీదు తీసుకోండి. తెల్లకాగితం మీద రాసిచ్చింది, "తర్వాత ఇస్తాలే అన్నా" అన్నది ఈ తనిఖీలో ఎక్కడా దొరకదు.

పుస్తకాలు చూడకుండానే ఈ మొత్తం సబబుగా ఉందని సభ్యులు అంచనా వేయగలరా?

తప్పనిసరి పొదుపు వరకు వేయగలరు, వేయాలి కూడా. నెలకు మనిషికి 500. పన్నెండు నెలలూ ఉన్నవాళ్లు 208 మంది, వాళ్ల నుంచి రావాల్సింది 12,48,000. మధ్యలో వెళ్లిన నలుగురివి 18,000. అక్టోబరులో చేరిన ఎనిమిది మందివి ఆరు నెలలకు 24,000. అంతా కలిపి 12,90,000.

ఇందులో ఈ ఏడాది 31 కంతులు బకాయి పడ్డాయి, 15,500 తగ్గుతుంది. పోయిన ఏడాది బకాయిల్లో 18 కంతులు ఈ ఏడాది వచ్చాయి, 9,000 పెరుగుతుంది. ఒక సభ్యుడు వచ్చే ఏడాదిది ముందే కట్టేశారు, 6,000 పెరుగుతుంది. చివరికి 12,89,500 రావాలి. చిట్టాలో తప్పనిసరి పొదుపు గడి మొత్తం అదే వచ్చింది. ఈ లెక్క వేయడానికి సభ్యుల జాబితా, బకాయిల జాబితా ఉంటే చాలు. బకాయిల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టింది ఇందుకే. కట్టినవాళ్లెవరైనా తమ సభ్యత్వ నంబరు అందులో చూస్తే వెంటనే రసీదుతో రావాలి.

మిగతా 7,46,350 ఐచ్ఛిక పొదుపు. ఎవరు ఎంత వేస్తారన్న నియమం లేదు కాబట్టి దీన్ని ఇలా అంచనా వేయలేం. పత్తి వచ్చే నెలల్లో పెరిగి, ఎండాకాలంలో తగ్గిందా అని మాత్రం చూడొచ్చు. అంతకు మించి ఇక్కడ రసీదులు, పాస్‌బుక్కులే ఆధారం.

కంప్యూటర్లో ఎక్కించారు కదా. అది తప్పు కూడుతుందా?

కంప్యూటరు కూడికలో తప్పు చేయదు. అయితే మనం కూడమన్నదాన్నే కూడుతుంది. ఎక్సెల్‌లో తరచుగా జరిగేవి రెండు. ఒకటి, కొత్త సభ్యుల వరుసలు కింద చేర్చాక కూడిక పరిధి పెంచకపోవడం. రెండోది, అంకె అక్షరాల రూపంలో పడటం. మధ్యలో ఖాళీ పడినా, వేరే చోట నుంచి కాపీ చేసినా అది చూపుకు అంకెలాగే ఉంటుంది కానీ కూడికలోకి రాదు, తప్పు ఉందని కంప్యూటరు ఏమీ చెప్పదు. మన 220 ఖాతాల మొత్తాలు రెండో వరుస నుంచి 221వ వరుస వరకు ఉన్నాయి కాబట్టి కింద మూడు సూత్రాలు పెట్టాం.

```
=SUM(D2:D221)
=COUNT(D2:D221)
=COUNTA(D2:D221)
```

మొదటిది మొత్తం. రెండోది అంకెలుగా గుర్తించిన గళ్ల సంఖ్య. మూడోది ఖాళీ కాని గళ్ల సంఖ్య. రెండూ 220 చూపాలి. రెండోది 219, మూడోది 220 అయితే ఒక ఖాతా కూడికలో లేదని అర్థం. అలాంటి అంకె సాధారణంగా గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటుంది, మిగతావి కుడివైపు ఉంటాయి.

బ్యాంకు స్టేట్‌మెంటుతో ఈ 20,35,850 నేరుగా కలుస్తుందా?

నేరుగా కలవదు. ఇందులో 12,18,350 నగదుగా, 8,17,500 నేరుగా బ్యాంకు ఖాతాకు వచ్చాయి. నగదును బ్యాంకులో వేసేటప్పుడు అదే రోజు వచ్చిన అప్పు కంతులతో కలిపే వేస్తాం. అందువల్ల పొదుపును విడిగా బ్యాంకుతో పోల్చలేం. ఒక రోజు మొత్తం వసూలు, దానికి సరిపడే చలానా, బ్యాంకులో పడిన జమ, ఈ మూడింటినీ రోజువారీగా కలపాలి.

మార్చి 31న వసూలైన 18,500 స్టేట్‌మెంటులో ఏప్రిల్ 2న కనిపిస్తుంది. ఆ రోజు సాయంత్రం దాకా కౌంటర్ తెరిచి ఉంచాం, ఏప్రిల్ 1న ఏడాది లెక్కల ముగింపు వల్ల బ్యాంకులో ఖాతాదారుల పనులు జరగవు. సభ్యులు కట్టింది మార్చిలోనే కాబట్టి అది ఈ ఏడాది జమే. ఆ రాత్రి ఇనప్పెట్టెలోని నగదును నోట్ల వారీగా లెక్కించి, తనిఖీ సంఘం సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉంది.

నేను ఫోన్లో కట్టాను. పాస్‌బుక్‌లో లేదు. డబ్బు ఏమైంది?

బ్యాంకులోనే ఉంది, కానీ ఎవరిదో తెలియక ఆగిపోయి ఉండొచ్చు. కొందరు కొడుకు ఫోన్ నుంచో, పక్కింటివాళ్ల ఫోన్ నుంచో పంపుతారు. అప్పుడు స్టేట్‌మెంటులో సభ్యుడి పేరు ఉండదు. అలా ఆనవాలు దొరకని నాలుగు మొత్తాలు, కలిపి 3,500, మార్చి 31కి మిగిలాయి. వాటిని ఎవరి ఖాతాలోనూ వేయలేదు, 20,35,850లోనూ కలపలేదు. సస్పెన్స్ ఖాతా కింద సంఘం చెల్లించాల్సినదిగా చూపాం. బ్యాంకులో నేరుగా పడింది 8,21,000, అందులో పేరు తేలింది 8,17,500.

కట్టినప్పుడు ఫోన్లో కనిపించే పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు తెచ్చి చూపండి. తేదీ, మొత్తం, నంబరు మూడూ కలిస్తే అదే రోజు మీ ఖాతాకు మారుస్తాం. వడ్డీ బ్యాంకులో పడిన తేదీ నుంచే వస్తుంది.

మొత్తం పైసాతో సహా సరిపోయింది. అంటే నా ఖాతా కూడా సరిగ్గా ఉన్నట్టే కదా?

లేదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతామంటే దీన్ని చదవండి.

మీరు కట్టిన 2,000 వేరొకరి పేజీలో పడిందనుకోండి. చిట్టాలో 2,000 ఉంది, ఆవర్జాలో కూడా 2,000 ఉంది, ఎవరి పేరు మీద ఉన్నా కూడికకు అక్కర్లేదు. నెల మొత్తం కలుస్తుంది, ఏడాది మొత్తం కలుస్తుంది, రసీదు నంబర్లు కలుస్తాయి, బ్యాంకు కలుస్తుంది. కానీ రెండు ఖాతాలు తప్పు. ఇప్పటిదాకా చెప్పిన తనిఖీల్లో ఒక్కటి కూడా దీన్ని పట్టలేదు.

మన ప్రాంతంలో దీనికి అవకాశం ఎక్కువ. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు, మంత్రాలయం రాఘవేంద్ర స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. మన సభ్యుల్లోనే ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న జతలు ఉన్నాయి. ఈ ఏడాది జనవరిలో అలాంటి ఒక జతలో ఒకరు కట్టిన 2,000 రెండోవారి పేజీలో పడింది. డబ్బు తగ్గిన సభ్యుడు పాస్‌బుక్ తెచ్చి సరిచూసుకోవడం వల్లే అది బయటపడింది. రసీదు మీద పేరు ఉంది, సభ్యత్వ నంబరు గడి ఖాళీగా ఉంది. రెండు పాస్‌బుక్కులూ పక్కన పెట్టి, ఇద్దరి ఎదుటే మార్చాం.

ఇప్పటి నుంచి నంబరు గడి ఖాళీగా ఉన్న రసీదు మీద కౌంటర్లో సంతకం పడదు. మీరు కూడా డబ్బు ఇచ్చేటప్పుడు పేరుతో పాటు నంబరు చెప్పండి. కంప్యూటరు ముందు కూర్చున్నవారికి మీరు ఎంత తెలిసినవారైనా సరే చెప్పండి.

నిల్వ ధ్రువీకరణ స్లిప్పు అంటే ఏమిటి? నా పాస్‌బుక్‌తో దాన్ని ఎలా పోల్చాలి?

మార్చి 31 నాటికి మీ ఖాతాలో ఎంత ఉందో ఆవర్జా చూసి రాసి మీకు ఇచ్చిన చీటీ అది. సరిపోతే సంతకం చేసి ఇవ్వాలి, లేకపోతే మీ పాస్‌బుక్‌లో ఎంత ఉందో రాసి ఇవ్వాలి.

వడ్డీ ముందు నిల్వ, వడ్డీ, వడ్డీ తర్వాత నిల్వ అని స్లిప్పులో మూడు వరుసలు ఉంటాయి. మీ పాస్‌బుక్‌లో మార్చి వడ్డీ ఇంకా ఎక్కించి ఉండకపోవచ్చు. అప్పుడు మొదటి వరుసతో పోల్చండి. వడ్డీ తర్వాతి అంకెతో పోల్చి తేడా ఉందని చాలామంది టెన్షన్ పడ్డారు, అక్కర్లేదు. తక్కువ ఉంటేనే కాదు, ఎక్కువ ఉన్నా చెప్పండి. మీ దగ్గర ఎక్కువ ఉందంటే ఇంకెవరికో తగ్గింది.

216 మందిలో 171 మంది స్లిప్పులు వెనక్కి వచ్చాయి. మిగిలిన 45 ఖాతాలను సరిపోయినట్టు మేము రాయలేదు. జవాబు రాకపోవడం ఒప్పుకోలు కాదు. ఆ 45లో లక్షకు పైగా నిల్వ ఉన్నవాళ్ల ఇళ్లకు తనిఖీ సంఘం సభ్యులు వెళ్లి పాస్‌బుక్ చూస్తున్నారు.

ఎలాగూ ఆడిటర్ చూస్తారు. ఇవన్నీ మనకెందుకు?

మన సంఘం 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైంది. ఆడిటర్‌ను నియమించుకునేది మహాజన సభే, అంటే మీరే. ఆడిటర్ పుస్తకాలు, వోచర్లు, బ్యాంకు కాగితాలు చూస్తారు. రసీదుల్లో కొన్నిటిని ఎంచి చూస్తారు, అన్నీ చూడరు. మీ ఇంట్లో బీరువాలో ఉన్న పాస్‌బుక్ ఆయన ముందుకు తనంతట తాను రాదు.

ఇంకో కారణం కూడా ఉంది. బ్యాంకుల్లోనూ, సహకార బ్యాంకుల్లోనూ డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉంటుంది. మనలాంటి ప్రాథమిక సహకార సంఘాల పొదుపుకు ఆ బీమా వర్తించదు. మన డబ్బుకు కాపలా మన పుస్తకాలే.

సభలో లెక్క ఆమోదించాక తేడా కనిపిస్తే ఇక అడగడానికి లేదా?

ఎప్పుడైనా అడగవచ్చు. సభ ఆమోదించింది మొత్తాన్ని, ఒక్కో ఖాతాను కాదు. పాస్‌బుక్, రసీదులు తీసుకుని ఆఫీసుకు రండి. తేడాల రిజిస్టరులో తేదీ, సభ్యత్వ నంబరు, మీరు చెబుతున్న మొత్తం, ఆవర్జాలో ఉన్న మొత్తం రాసి మీ సంతకం తీసుకుంటారు. రసీదు పోయినా రండి, మీరు కట్టిన తేదీ దగ్గర దగ్గరగా తెలిస్తే నకలు వెతికి తీయవచ్చు. తేలిన ఫలితం అదే వరుసలో రాసి మళ్లీ మీ సంతకం తీసుకుంటాం. దిద్దుబాటు పోయిన ఏడాది జమకు సంబంధించినదైతే పాత పేజీ ముట్టుకోం. ఈ ఏడాది తేదీతో సవరణ పద్దు రాసి, పడాల్సిన వడ్డీ కూడా కలిపి వేస్తాం. ఆ సవరణలన్నీ వచ్చే మహాజన సభలో విడిగా చదువుతాం.